దండెంగా మారిన ఎర్త్ తీగ

మా ఇంట్లో కరెంటు గురించి తెలిసినవారు ఒక్కరే, మా ఆయన. ఈ మాట నేనన్నది కాదు, ఆయనే అన్నారు, అదీ పెళ్లైన మొదటి వారంలోనే. ఆయన ఉద్యోగం ఒక ఆఫీసులో ఫైళ్ల మీద "పరిశీలించడమైనది" అని రాసి సంతకం పెట్టడం. ఫైలు తెరవాల్సిన అవసరం చాలాసార్లు రాదు. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. కుళాయి కారినా, తలుపు బిగుసుకున్నా, ఒకసారి దూరం నుంచే చూసి తీర్పు చెప్పేస్తారు. వీధిలో ఎవరో ఎగతాళికి ఇంజనీరుగారూ అని పిలిచారు. ఆయన దాన్ని పట్టా కింద తీసుకుని, అప్పటినుంచీ ఆ పేరుకి పలుకుతున్నారు.

మూడు నెలల కిందట ఒక పొద్దున వాషింగ్ మెషీన్లోంచి బట్టలు తీస్తుంటే ముంజేయి లోపలివైపు జివ్వుమంది. చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. మర్నాడు మళ్లీ. ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజు మా ఆయనతో చెప్పాను. ఆయన పేపరు కిందికి దించకుండానే, "తిమ్మిరి," అన్నారు.

"మెషీన్ దగ్గరే ఎందుకొస్తోందండీ తిమ్మిరి?"

"నువ్వు వంగేది అక్కడే కదా. నరాల బలహీనత. మీవైపు వాళ్లందరికీ ఉన్నదే."

నేను బుద్ధిమంతురాలిని కాబట్టి పడగ్గదిలోకి వెళ్లి ఓ పదిసార్లు వంగి చూశాను. నడుము నొప్పి పుట్టిందిగానీ తిమ్మిరి రాలేదు. ఆ సాయంత్రమే ఆయన బజారు నుంచి గులాబీరంగు మాత్రలు తెచ్చారు. టిఫిన్ తర్వాత ఒకటి, క్రమం తప్పకుండా. మూడు నెలలు మింగాను. మెషీన్ మూత మాత్రం పొడిగుడ్డ చుట్టుకుని తీయడం మొదలుపెట్టాను. పొద్దున్నే ఆ గదిలోకి వెళ్లాలంటే భయం వేసేది. చచ్చిపోతాననే భయం కొంతే. నేను పోతే వచ్చినవాళ్లందరికీ ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి, "ముందునుంచీ నరాల బలహీనతేనండీ" అని చెబుతారే, ఆ భయం ఎక్కువ.

పోయిన గురువారం మా అత్తయ్య తన తువ్వాలు తనే తీసుకుందామని ఆ గదిలోకి వెళ్లింది. డెబ్భై రెండేళ్ల మనిషి. "అమ్మో" అని కేక వినిపించింది, ఆ వెనకే బకెట్ దొర్లిన చప్పుడు. నేను పరిగెత్తేసరికి తడి నేల మీద కూలబడి ఉంది. కుడిచెయ్యి వణుకుతోంది, పెదాలు తెల్లబడ్డాయి. ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లు తాగిస్తుంటే మా ఆయన వచ్చారు. తల్లిని పరిశీలించారు.

"వయసు," అని ఆమెకి కూడా ఒక గులాబీరంగు మాత్ర ఇచ్చారు.

అత్తా కోడళ్లం. ఒకే జబ్బు, ఒకే గదిలో, ఒకే మెషీన్ దగ్గర, ఒకే మాత్ర. ఆ రాత్రి నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు బల్బులమ్మే కొట్టుకి వెళ్లి, మంచి కరెంటు మేస్త్రీ ఎవరని అడిగి నంబరు తెచ్చుకుని, ఆదివారం పొద్దున రమ్మన్నాను. ఇంట్లో ఎవరి అనుమతీ అడగలేదు.

వచ్చినాయన సన్నగా ఉన్నాడు, యాభై దాటి ఉంటాయి. భుజాన చిన్న సంచి, చొక్కా జేబులో టెస్టర్. గుమ్మంలోనే, "ఏం ఇబ్బందమ్మా?" అని నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోగా మా ఆయన జవాబు చెప్పేశారు.

"ఇబ్బందేమీ లేదు. ఆడవాళ్ల అనుమానం. ఇంట్లో వైరింగంతా నా చేతిమీదుగా నడుస్తోంది. ఏడాదిగా ఒక్కసారి కూడా ఫ్యూజు పోలేదు."

మేస్త్రీ చెప్పులు విప్పుతున్నవాడల్లా ఆగాడు. "ఏడాదిగా పోలేదా?"

"ఒక్కసారి కూడా," అన్నారు మా ఆయన గర్వంగా.

"అంతకుముందు?"

"అంతకుముందు వారానికి రెండుసార్లు పోయేది. నేను సరిచేశాను."

మేస్త్రీ బోర్డు ఎక్కడుందని అడిగాడు. మెయిన్ ఆపి, తెల్ల పింగాణీ ఫ్యూజు ఊడదీసి, కిటికీ దగ్గరికి తెచ్చి చూశాడు. నేనూ పక్కన నిలబడి చూశాను. దాని కడుపులో దారం అంత సన్నటి తీగ ఉండాలట. అక్కడ నాలుగు రాగి పోగులు మెలేసి, నా జడపిన్నంత లావున ఒక తాడు బిగించి ఉంది.

"ఇది తమరు కట్టిందేనా సార్?"

"నేనే. సన్నది ఊరికే తెగిపోతోంది. నాసిరకం."

"నాసిరకం కాదు సార్. తెగడానికే పెట్టారు దాన్ని." ఆయన నావైపు తిరిగాడు. బహుశా నేనొక్కదాన్నే వింటున్నట్టు కనిపించాను. "చూడండమ్మా, ఈ ఒక్క లైను మీద గీజరుంది, ఇస్త్రీపెట్టె పెట్టే ప్లగ్గుంది, ఈ మెషీనుంది. మెషీను నీళ్లు కూడా కాచుకుంటుందా?"

"కాచుకుంటుంది."

"మూడూ ఒకేసారి నడిస్తే, అవన్నీ కలిపి ఈ తీగలోంచి ఎంత కరెంటు లాగుతున్నాయో, అదీ లోడు అంటే. వస్తువులు ఇంట్లో ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఒకే లైను మీద ఒకేసారి ఎన్ని లాగుతున్నాయన్నది లెక్క. గోడలో ఉన్న తీగ ఇంత లోడు మొయ్యగలదు అని ఒక హద్దుంటుంది. అది దాటితే తీగ కాగుతుంది. గోడలో తీగ కాలేలోగా ఇక్కడ సన్నది కరిగి తెగాలి. తెగితే కరెంటు ఆగుతుంది. అంతే దాని పని."

"అంటే వారానికి రెండుసార్లు పోయిందంటే..."

"వారానికి రెండుసార్లు మిమ్మల్ని కాపాడిందమ్మా."

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "సిద్ధాంతపరంగా నిజమే. కానీ ఆచరణలో..."

"ఆచరణలో ఇప్పుడు ముందు కాలేది గోడలో తీగే సార్," అన్నాడు మేస్త్రీ. ఆ రాగి తాడు విప్పి, నా అరచేతిలో పెట్టాడు. చిన్న ముక్కే. ఏడాదిపాటు ఈ ఇంట్లో నాలుగు ప్రాణాలు, నేనూ, అత్తయ్యా, ఆయనా, బడికెళ్లే మా అమ్మాయీ, దీని మీద ఆధారపడి నిద్రపోయామని అప్పుడు తెలిసింది.

సరైన తీగ కట్టి, మళ్లీ మెయిన్ వేసి, మేస్త్రీ బట్టలుతికే గదిలోకి నడిచాడు. వెనక నేను, నా వెనక అత్తయ్య, చివర మా ఆయన. ఆయన తన నీలం రబ్బరు చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మేస్త్రీ మెషీన్ స్విచ్ వేయించి, దాని వెనక రంగు పోయి ఇనుము బయటపడ్డ చోట టెస్టర్ మొన ఆనించాడు. టెస్టర్ లోపల ఎర్రగా వెలిగింది.

అత్తయ్య నా భుజం మీంచి తొంగి చూసింది.

"ఇదేం చెప్తోంది మేస్త్రీగారూ?" అన్నాను. నాకు తెలుసు. అయినా ఇంకొకరి నోటితో వినాలని ఉంది.

"మెషీను ఒంట్లోకి కరెంటొస్తోందని చెప్తోందమ్మా. మీరు చెప్పింది నిజమే."

అత్తయ్య కొడుకువైపు తిరిగింది. "ఒరేయ్, బలహీనత దీనికట్రా. ఆ మాత్రలు దీనికి వెయ్యి."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మూడు నెలల తర్వాత నా మాట నిజమని ఒక మనిషి అన్నాడు. పైగా నా ఇంట్లో పుట్టినవాడు కాదు, పెరిగినవాడు కాదు, పావుగంట కిందట గుమ్మంలో చెప్పులు విప్పినవాడు.

మేస్త్రీ మెషీన్ ప్లగ్గు పీకి, సంచిలోంచి ఒక బల్బు హోల్డర్ తీశాడు. దానికి రెండు తీగలు వేలాడుతున్నాయి. "గోడకున్న ఈ ప్లగ్గులో మూడు కన్నాలున్నాయి చూశారా అమ్మా. ఒకటి ఫేజు. కరెంటు వచ్చే దారి. ఒకటి న్యూట్రలు. వచ్చిన కరెంటు పని చేసి తిరిగిపోయే దారి. ఈ రెండింటి మధ్య బల్బు పెడితే వెలగాలి." పెట్టాడు. వెలిగింది. "పైనున్న పెద్ద కన్నం ఎర్తు. మామూలు రోజుల్లో దాన్లో కరెంటు పారదు. ఖాళీగా కూర్చుంటుంది."

"ఖాళీగా కూర్చోవడానికి ఒక తీగ ఎందుకు?" అన్నారు మా ఆయన. ఆ ప్రశ్న అడగడానికి ఆయనకి అర్హత ఉంది, ఆఫీసులో ఇరవయ్యేళ్ల అనుభవం.

"ఫేజు తీగ మీద తొడుగు అరిగి ఇనుముకి తగిలిందనుకోండి, మెషీను ఒళ్లంతా ఫేజు అయిపోతుంది. అప్పుడు ఎర్తు తీగ ఆ కరెంటుని తీసుకెళ్లి భూమిలో వదిలేస్తుంది. దారి సులువుగా ఉంటుంది కాబట్టి ఒక్కసారిగా బోలెడంత కరెంటు పారి, ఫ్యూజు తెగిపోతుంది. ఎర్తు లేదనుకోండి, మెషీను ఊరికే అలా కాచుక్కూర్చుంటుంది. తడికాళ్లతో వచ్చి ఎవరు ముట్టుకుంటే వాళ్లే దారి."

"అప్పుడు ఫ్యూజు తెగదా?" అన్నాను.

"తెగదమ్మా. మనిషి ప్రాణం పోవడానికి కావలసిన కరెంటు ఫ్యూజుకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అది మనిషి కోసం పెట్టింది కాదు, తీగ కోసం పెట్టింది. మనిషి కోసం పెట్టింది ఎర్తు. దానితోపాటు, కాస్త లీకవగానే పడిపోయే ట్రిప్ స్విచ్ ఒకటుంటుంది, అదీ పెట్టించుకోవాలి మీరు." అని ఇప్పుడు బల్బుని ఫేజుకీ ఎర్తుకీ మధ్య పెట్టాడు. బల్బు వెలగలేదు. తీసి, మళ్లీ పెట్టాడు. ఊహూ.

"ఎర్తు లేదు," అన్నాడు. "ఎర్తు గొయ్యి ఎక్కడుంది సార్?"

మా ఆయనకి హఠాత్తుగా ఫోను చూసుకోవాల్సిన పని గుర్తొచ్చింది. నేనే పెరట్లోకి తీసుకెళ్లాను. గోడ పక్కన సిమెంటు మూత ఎత్తితే లోపల మన్ను ఎండి బీటలు వారి ఉంది. మధ్యలో ఇనప పైపు, దానికి తుప్పు పట్టిన క్లాంపు, క్లాంపుకి జానెడు తీగ. ఆ జానెడు దాటాక ఏమీ లేదు. కొస శుభ్రంగా, కటింగ్ ప్లేయరుతో కోసినట్టుంది.

"మిగతా తీగేదమ్మా?" అని మేస్త్రీ గోడవైపు చూశాడు. బోర్డు నుంచి దిగి రావాల్సిన తీగ గోడ మధ్యలోనే ఆగిపోయింది. ఇంతలో నా తల మీద ఒక తడి తువ్వాలు చల్లగా తగిలింది. తలెత్తి చూశాను.

పోయిన ఏడాది మా ఆయన నాకొక కానుక ఇచ్చారు. "ప్లాస్టిక్ తాళ్లు సాగుతాయి, ఇది నూరేళ్లు ఉంటుంది" అని చెప్పి, పెరట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి ఇనప తీగతో దండెం కట్టారు. నేను వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయాను. నా ప్రాణానికి కాపలా ఉండాల్సిన తీగ మీద ఏడాదిగా నేను లంగాలు ఆరేసుకుంటున్నాను.

మేస్త్రీ దండెం వైపు చూశాడు, తర్వాత నావైపు చూశాడు, తర్వాత నవ్వాపుకోవడానికి గొయ్యిలోకి చూశాడు.

"ఏమండీ!" అని పిలిచాను. అంత గట్టిగా పిలవడం పెళ్లయ్యాక అదే మొదలు.

ఆయన వచ్చారు. వచ్చి, తప్పు ఒప్పుకోలేదు. ఉపన్యాసం ఇచ్చారు. అంతకుముందు ఒక కుర్రాడు వైరింగు చూడడానికి వచ్చినప్పుడు ఇలాగే ఫేజుకీ ఎర్తుకీ మధ్య బల్బు పెట్టాడట, అది నిండుగా వెలిగిందట. అంటే మన ఇంటి కరెంటు ఈ తీగలోంచి రాత్రీ పగలూ భూమిలోకి కారిపోతోందన్నమాట. "మనం వాడుకోవాల్సిన కరెంటు మట్టి తాగుతోంది. ఎవరూ గమనించలేదు. నేను గమనించాను. వృథా ఆపాను."

"సార్," అన్నాడు మేస్త్రీ చాలా మర్యాదగా, "బల్బు పెట్టినప్పుడు ఫేజు నుంచి ఎర్తుకి దారి వేసింది ఆ బల్బే. బల్బు తీసేస్తే ఏమీ పారదు. అది వెలిగిందంటే మీ ఎర్తు బాగుందని అర్థం. ఆ కుర్రాడు బాగుందని చూపించాడు. మీరు బాగున్నదాన్ని కోసేశారు."

మా ఆయన ఈ విషయాన్ని పరిశీలనలో ఉంచారు.

తిరిగి లోపలికి వచ్చాం. మేస్త్రీ మెషీన్ వెనక రేకు విప్పుతూ, "ఇంట్లో ఎవరెవరికి కొట్టిందమ్మా?" అని అడిగాడు.

"నాకూ, అత్తయ్యకీ."

"సార్‌కి?"

"నాకెప్పుడూ లేదు," అన్నారు మా ఆయన. ధైర్యం మళ్లీ చేరుకుంది. "రోజూ స్విచ్ వేసి మీట తిప్పేది నేనే. మరి కరెంటొస్తే నాకెందుకు కొట్టదు?"

మేస్త్రీ చేతిలో పని ఆపి ఆయన పాదాల వైపు చూశాడు. "రబ్బరు చెప్పులున్నాయి కదా సార్. దళసరివి. కాళ్ల నుంచి నేలకి దారి లేదు."

అప్పుడు అందరం ఆయన చెప్పులవైపు చూశాం. నీలం చెప్పులు, బొటనవేలంత మందం. అత్తయ్య కుర్చీలోంచి ముందుకి వంగింది.

"చిన్నప్పట్నుంచీ వీడికి ఇంట్లో చెప్పులంటే పడదే. నేల చల్లగా తగలాలంటాడు. ఎప్పుడు కొన్నావురా ఇవి?"

ఆయన పాదాలు వెనక్కి జరుపుకున్నారు. నాకు గుర్తొచ్చింది. మూడు నెలల కిందట ఒక సాయంత్రం ఆయన బజారు నుంచి సంచి తెచ్చి బల్ల మీద పెట్టారు. అందులోంచి నా మాత్రలు తీసి నాకిచ్చారు. అడుగున కాగితంలో చుట్టిన చెప్పులున్నాయి. ఒకే సంచి. మాత్రలు నాకు, చెప్పులు ఆయనకి.

"మీకూ కొట్టింది," అన్నాను.

"ఒక్కసారే. అదీ కొద్దిగా."

"తెలిసీ నాకు మాత్రలు తెచ్చారా?"

"తెలియడమంటే... అనుమానం. చెబితే నువ్వు మేస్త్రీని పిలుస్తావు. ఆయనొస్తే ఎర్తు గురించి అడుగుతాడు. ఏడాది కిందట నేనే..." ఆయన చెప్పులవైపు చూసుకున్నారు. "నాకొక్కడికే తెలుసన్నాను కదా ఇంట్లో."

నాకు వచ్చిన కోపం ఎలాంటిదంటే, అరవడానికి కూడా ఓపిక లేదు. తన తెలివి తక్కువైందని ఒక మేస్త్రీ ముందు ఒప్పుకోవడం కంటే, పెళ్లాం రోజూ తడికాళ్లతో ఆ మెషీన్ ముట్టుకోవడం తేలికనిపించింది ఈ మనిషికి. మొన్న కింద పడింది కన్నతల్లి. ఆమెకి కూడా నీళ్లతో మాత్ర అందించారేగానీ చెప్పులు తెచ్చివ్వలేదు. అత్తయ్య కొడుకు మొహం చూడకుండా కొంగుతో కళ్లు తుడుచుకుంది. అది చూశాకే ఆయన తల దించుకున్నారు.

మేస్త్రీ ఇవేవీ విననట్టు తన పని చేసుకుపోయాడు. పనివాళ్లకి ఉండే మర్యాద అది. మెషీన్ వెనక ఒక తీగ ఊగి ఊగి రేకు అంచుకి రాసుకుని, తొడుగు అరిగి పొరలా మిగిలింది. అక్కడ చెమ్మ చేరింది. "ఇవాళ్టికి చెమ్మలోంచి కాస్తే వస్తోంది కాబట్టి జివ్వుమని ఊరుకుంది. రాగి తగిలిన రోజున..." అని ఆపేసి, తీగ మార్చి, రేకు అంచుకి రబ్బరు తొడిగాడు. మెయిన్ ఆపి, పెరట్లో తుప్పు గీకి, కొత్త క్లాంపు వేసి, గొయ్యిలో రెండు బకెట్ల నీళ్లు పోయించి, బోర్డు దాకా కొత్త తీగ లాగాడు. మెషీన్ ప్లగ్గు నా చేతికిచ్చి చూపించాడు.

"ఈ లావు పిన్ను మిగతావాటికంటే పొడుగు, చూశారా? లోపలికి పోయేటప్పుడు అందరికంటే ముందు అదే తగులుతుంది. బయటికొచ్చేటప్పుడు అందరికంటే ఆఖర్న వదులుతుంది. అది కోసేసిన ప్లగ్గు, ఎవరు చెప్పినా, వాడకండమ్మా."

"ఎవరు చెప్పినా వాడను," అన్నాను, ఆ మాట మొదటి సగం మీద బరువు పెట్టి.

మెయిన్ వేశాడు. ఫేజుకీ ఎర్తుకీ మధ్య బల్బు పెడితే నిండుగా వెలిగింది. ఆపైన తన మీటరు కూడా పెట్టి చూసుకున్నాడు. మెషీన్ స్విచ్ వేసి ఒంటికి టెస్టర్ ఆనిస్తే వెలగలేదు. చివరికి తన చేతి వెనకవైపుతో తాకి చూసి, పక్కకి జరిగాడు. "ట్రిప్ స్విచ్ రేపు తెచ్చి బిగిస్తాను. ఇప్పుడు మీరు ముట్టుకోవచ్చమ్మా."

"ముందు ఆయన," అన్నాను. "చెప్పులు విప్పి."

గది నేలంతా తడిగా ఉంది. మా ఆయన నావైపు చూశారు, తల్లివైపు చూశారు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఒక చెప్పు విప్పారు. రెండోది విప్పడానికి చాలాసేపు పట్టింది.

"మెయినులో కరెంటుందా?" అని మేస్త్రీని అడిగారు.

"ఉంది సార్. మెషీనూ ఆన్‌లోనే ఉంది. ఏం కాదు, ముట్టుకోండి."

"టెస్టర్ ఇంకోసారి పెట్టి చూద్దామా?"

పెట్టాడు. వెలగలేదు. ఆయన చెయ్యి చాపారు, మెషీన్‌కి బెత్తెడు దూరంలో ఆగారు. తొంభై పొద్దుట్లు నేను ఆ బెత్తెడు దాటాను. నాతో అప్పుడెవరూ ఏం కాదని చెప్పలేదు, టెస్టర్ రెండోసారి పెట్టలేదు.

బల్ల మీంచి గులాబీరంగు మాత్రల పట్టీ తెచ్చి ఆయన ముందు పట్టాను. "భయంగా ఉంటే ఒకటి వేసుకోండి. నరాలకి మంచిది."

ఆయన కళ్లు మూసుకుని, ఒక్క వేలితో మెషీన్ ముట్టుకున్నారు. తర్వాత అరచెయ్యి మొత్తం ఆనించారు.

ఏమీ కాలేదు. మూడు నెలలుగా నేనడిగింది అదే. పొడిగుడ్డ పక్కన పడేసి, ఆయన్ని జరగమని, తడికాళ్లతో నిలబడి బట్టలు తీయడం మొదలుపెట్టాను.